కర్నూలు–అనంతపురం రిలే: ఆరుగురికి ఎన్ని అంచెలు, మధ్యలో ఎంత విశ్రాంతి?

కర్నూలు కొండారెడ్డి బురుజు నుంచి అనంతపురం టవర్ క్లాక్ దాకా 44వ జాతీయ రహదారి మీద దాదాపు 150 కిలోమీటర్లు. ఆరుగురు కలిసి రిలేగా పరిగెత్తాలంటే తలా 25 అని ఎవరైనా నోటిలెక్కగా చెప్పేస్తారు. అసలు తేల్చుకోవాల్సింది ఆ 25ని ఎలా ముక్కలు చేయాలన్నది. ఒక్క బిగిన పరిగెత్తాలా, మూడు విడతల్లోనా, నాలుగు విడతల్లోనా? ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య ఎంత సమయం ఉంటుంది, ఆ సమయంలో నడుం వాల్చే వీలుంటుందా? చాలా జట్లు అంచె పొడవు గురించే వాదించుకుంటాయి. నా మటుకు నేను ముందు విశ్రాంతి లెక్క వేసి, దానికి సరిపోయేలా అంచెలు కోస్తాను. ఎందుకో ఒక జట్టును తీసుకుని చూద్దాం.

ఉదాహరణకు ఆరుగురు ఉన్నారనుకోండి. 10 కిలోమీటర్లు పీఈటీ సార్ 44 నిమిషాల్లో, డిగ్రీ కుర్రాడు 48లో, కానిస్టేబుల్ 52లో, బ్యాంకు క్లర్కు 55లో, టీచరమ్మ 60లో, మెడికల్ షాపన్న 66లో పరిగెత్తుతారు. అందరూ వారానికి నాలుగు రోజులు పరుగు తీసేవాళ్లే, కానీ ఉద్యోగాలున్నవాళ్లు. జనవరిలో ఒక శనివారం సాయంత్రం 4 గంటలకు కర్నూలులో బయలుదేరి ఆదివారం ఎండ ఎక్కకముందే అనంతపురం చేరాలన్నది ఉద్దేశం. తెల్లవారుజామున బయలుదేరితే చీకటి బాధ తగ్గుతుంది గానీ, మధ్యాహ్నం నలుగురైదుగురు ఎండలో పరిగెత్తాలి. మన దగ్గర జనవరిలో కూడా పగలు 30 డిగ్రీలు మామూలే. ఫిబ్రవరి సగం దాటాక ఆ ఆలోచనే వద్దు.

నాలుగు పద్ధతులు

మొదటిది, తలా ఒక్కసారి 25 కిలోమీటర్లు. జపాన్‌లో 1920 నుంచి జరుగుతున్న హకోనె ఎకిడెన్ ఈ తరహాదే. రెండు రోజుల్లో సుమారు 217 కిలోమీటర్లు, పది అంచెలు, ఒక్కో విద్యార్థి ఒక్కసారే 20 కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతాడు. మళ్లీ పరిగెత్తే పని లేదు కాబట్టి ఉన్నదంతా ఊడ్చి పెట్టేయొచ్చు. విశ్రాంతి సమస్యే రాదు, బ్యాటన్ మార్పులు ఐదే. కానీ మన జట్టులో మెడికల్ షాపన్నకు ఆ 25 కిలోమీటర్లకు దాదాపు మూడు గంటలు పడుతుంది. హైవే మీద ఒక్కడే, చీకట్లో, మూడు గంటలు. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేస్తే అక్కడి నుంచి జట్టు మొత్తం నడకే. అందరూ హాఫ్ మారథాన్ అలవోకగా చేసేవాళ్లయితేనే ఈ పద్ధతి.

రెండోది ఎక్కువమందికి తెలిసినది. అమెరికాలో 1982లో మొదలైన హుడ్ టు కోస్ట్ రిలేలో పన్నెండు మంది, రెండు వ్యాన్లు, 36 అంచెలు. ఒక్కొక్కరు మూడేసిసార్లు పరిగెత్తుతారు. మొదటి వ్యానులోని ఆరుగురు వరుసగా పరిగెత్తాక రెండో వ్యాను అందుకుంటుంది. అదే మన ఆరుగురికి దించితే ముగ్గురికో బండి, మొత్తం 18 అంచెలు, ఒక్కోటి సగటున 8 కిలోమీటర్ల పైచిలుకు.

మూడోది దాన్నే కాస్త తిప్పడం. దీన్ని జంట వరుస అందాం. మొదటి బండిలోని ముగ్గురూ ఒకటి, రెండు, మూడు అని పరిగెత్తాక రెండో బండికి ఇచ్చేయకుండా, మళ్లీ ఒకటి, రెండు, మూడు అని ఇంకో చుట్టు పరిగెత్తుతారు. అప్పుడే రెండో బండి అందుకుని తనూ రెండు చుట్లు వేస్తుంది. ఇలా ఒక్కో బండికి రెండు వంతులు. మొత్తం 24 అంచెలు, సగటున ఆరుంపావు కిలోమీటర్లు.

నాలుగోది రెండేసి కిలోమీటర్లకోసారి మారిపోవడం. కడుపు నిండా వేగం ఉంటుంది, విశ్రాంతి మాత్రం ఎవరికీ ఉండదు. బండి క్షణం ఆగదు, డెబ్బై ఎనభై బ్యాటన్ మార్పులు. ఎండ దెబ్బకో, దెబ్బ తగిలినవాళ్ల స్థానంలోనో ఒక గంట సర్దుకోవడానికి తప్ప పనికిరాదు.

కాబట్టి అసలు పోటీ 18కీ 24కీ మధ్యనే.

18 అంచెలా, 24 అంచెలా?

చూడ్డానికి 18దే మేలనిపిస్తుంది. ఒక అంచెకూ తర్వాతి అంచెకూ మధ్య మిగతా ఐదుగురు పరిగెత్తాలి. అంచె సగటున 47 నిమిషాలు కాబట్టి ఒక్కొక్కరికి నాలుగు గంటలకు కాస్త తక్కువ విరామం. 24లో అయితే చుట్టుకూ చుట్టుకూ మధ్య డెబ్బై నిమిషాలే. అది చూసి ‘అమ్మో, గంటకే మళ్లీనా’ అని జనం భయపడతారు.

అయితే మనిషి విశ్రాంతి వేరు, బండి విశ్రాంతి వేరు. మీరు పరిగెత్తకపోయినా మీ బండిలో ఇంకొకరు పరిగెత్తుతుంటే మీరు పడుకోలేరు. బండి ప్రతి రెండు మూడు కిలోమీటర్లకూ ఆగుతుంది, డోరు తీస్తారు, నీళ్లందిస్తారు, ‘ఎంత దూరంలో ఉన్నాడు’ అని ఒకరినొకరు అడుగుతుంటారు. అందుకే బండి మొత్తానికి పని లేని సమయమే అసలు విశ్రాంతి. 18 అంచెల్లో అది రెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో తర్వాతి చోటికి 25 కిలోమీటర్లు వెళ్లి బండి నిలపడానికి అరగంట, తినడానికి ఇరవై నిమిషాలు, పరుగుకు ముందు లేచి ఒళ్లు తేలిక చేసుకోవడానికి నలభై నిమిషాలు పోతే మిగిలేది యాభై నిమిషాలు. కన్ను మూతపడే వేళకు లేవమంటారు.

24 అంచెల జంట వరుసలో బండికి దొరికే విశ్రాంతి మూడున్నర గంటలు. ప్రయాణానికి ముప్పావు గంట, మిగతా పనులకు పైలెక్కనే మరో గంట తీసేసినా దాదాపు రెండు గంటలు చక్కగా పడుకోవచ్చు. అది ఒక నిద్ర కిందే లెక్క.

ఇంకో లాభం కాళ్లది. నాలుగు గంటలు బండి సీట్లో కూర్చుని లేచాక పిక్కలు, తొడ వెనక నరాలు బిగుసుకుపోయి ఉంటాయి. మొదటి కిలోమీటరు కుంటుతున్నట్టే ఉంటుంది. 18 పద్ధతిలో ప్రతి మనిషీ ఇలా చల్లబడిన కాళ్లతో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాలి. జంట వరుసలో ఒక్కసారే. డెబ్బై నిమిషాల విరామంలో కాళ్లు పూర్తిగా చల్లబడవు, స్వెట్ ప్యాంటు వేసుకుని అటూ ఇటూ తిరుగుతుంటే అవి ఇంకా పరుగులోనే ఉన్నట్టుంటాయి.

దీనికీ ఖర్చుంది. బ్యాటన్ మార్పులు 17 నుంచి 23కు పెరుగుతాయి. ఒక్కో మార్పుకు పదిహేను సెకన్లంటే పెద్ద లెక్క కాదు, కానీ తర్వాతివాళ్లు మరుగుకు వెళ్లిన సమయంలో పరిగెత్తేవాడు వచ్చేస్తే ఐదు నిమిషాలు గాలిలో కలిసిపోతాయి. రెండోది, నిజంగా పడుకోవడానికి చోటు ఉండాలి. బండి సీట్లోనే కునికేటట్టయితే ఆ రెండు గంటల లాభం సగానికి సగం పోయినట్టే, అప్పుడు 18తోనే సరిపెట్టుకోండి. మన దారిలో చోటు కష్టం కాదు. మొదటి బండి డోన్‌లో, రెండో బండి గుత్తిలో ఒక లాడ్జి గదో, తెలిసినవాళ్ల ఇల్లో ముందే మాట్లాడుకుంటే చాలు.

కిలోమీటర్లు సమానంగా కాదు, నిమిషాలు సమానంగా

అందరికీ ఒకే దూరం ఇస్తే న్యాయంగా కనిపిస్తుంది. కానీ పీఈటీ సార్ గంటా యాభై ఆరు నిమిషాల్లో ముగించే 25 కిలోమీటర్లకు మెడికల్ షాపన్న మూడు గంటలు కష్టపడాలి. నిమిషాలు సమానంగా పంచితే ప్రతి అంచె 35 నిమిషాలకు వస్తుంది, ఎవరు ఎప్పుడు సిద్ధంగా ఉండాలో గోడ గడియారం చూసి చెప్పొచ్చు. జట్టు మొత్తం సమయంలో మిగిలేది మాత్రం పావుగంటే, కాబట్టి దీన్ని వేగం కోసం చేయడం లేదు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్లు చివరి వంతులో కూలిపోకుండా ఉండటం కోసం చేస్తున్నాం.

దానికి ముందు ఎవరి వేగం ఎంతో తేలాలి. అంచె ఆరు కిలోమీటర్లే కదా అని ఆరు కిలోమీటర్ల వేగంతో పరిగెత్తకూడదు. రాత్రంతా కలిపి 25 పరిగెత్తాలి కాబట్టి 25 కిలోమీటర్ల రేసులో ఎంత వేగం నిలుస్తుందో అదే ప్రతి అంచెకూ మీ వేగం. దీనికి అమెరికన్ ఇంజినీరు పీట్ రీగెల్ 1977లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది:

```
T2 = T1 × (D2 ÷ D1)^1.06
```

T1 అంటే మీకు తెలిసిన రేసు సమయం, D1 ఆ దూరం. D2 కొత్త దూరం, T2 దానికి పట్టే సమయం. కానిస్టేబుల్‌ది చూడండి: 10 కిలోమీటర్లు 52 నిమిషాలు. 25ని 10తో భాగిస్తే 2.5, దాని 1.06వ ఘాతం సుమారు 2.64. దాన్ని 52తో గుణిస్తే 137 నిమిషాలు, అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 30 సెకన్లు. ఆయన 10 కిలోమీటర్ల రేసు వేగం 5:12. ఆ పద్దెనిమిది సెకన్లే ఆయన మొదటి అంచెలో దాచుకోవాల్సింది. అందరికీ ఈ లెక్క వేసి, ఒక్కో బండికి ఒక్కో చుట్టులో 18.8 కిలోమీటర్లు వచ్చేలా పంచితే ఇలా తేలుతుంది:

| ఎవరు | బండి | కిలోమీటరుకు | ఒక్కో అంచె |
|---|---|---|---|
| పీఈటీ సార్ | మొదటిది | 4:39 | 7.6 కి.మీ. |
| బ్యాంకు క్లర్కు | మొదటిది | 5:49 | 6.1 కి.మీ. |
| మెడికల్ షాపన్న | మొదటిది | 6:58 | 5.1 కి.మీ. |
| డిగ్రీ కుర్రాడు | రెండోది | 5:04 | 6.9 కి.మీ. |
| కానిస్టేబుల్ | రెండోది | 5:30 | 6.4 కి.మీ. |
| టీచరమ్మ | రెండోది | 6:20 | 5.5 కి.మీ. |

తలా నాలుగు అంచెలు. పీఈటీ సార్‌కు మొత్తం 30 కిలోమీటర్లు, మెడికల్ షాపన్నకు 20 వస్తాయి. సూత్రం ప్రకారం ఇద్దరి వేగమూ కొన్ని సెకన్లు మారాలి, అంత సూక్ష్మం అక్కర్లేదు. బండ్లు పంచేటప్పుడు మాత్రం వేగంగా ఉన్న ముగ్గురినీ ఒకే బండిలో ఎక్కించొద్దు. రెండు బండ్ల మొత్తం వేగం దాదాపు సమానంగా ఉంటేనే రెండింటికీ సమానమైన నిద్ర దొరుకుతుంది.

మొదటి అంచె వేగమే అందరినీ ముంచేది. సాయంత్రం నాలుగు, బురుజు దగ్గర స్నేహితులు, ఫోటోలు, ఒంట్లో బలం నిండుగా ఉంటుంది. పీఈటీ సార్ 4:39కి బదులు 4:15తో దూసుకుపోతే ఆ 7.6 కిలోమీటర్లలో మూడు నిమిషాలు మిగులుతాయి. చూసినవాళ్లు చప్పట్లు కొడతారు. ఆ దెబ్బకు రాత్రి 11 తర్వాతి రెండు అంచెల్లో కిలోమీటరుకు అరనిమిషం చొప్పున జారితే పోయేది ఏడున్నర నిమిషాలు. సంపాదించింది మూడు, పోగొట్టుకున్నది ఏడున్నర. మొదటి అంచె పూర్తి చేసినవాళ్లు బ్యాటన్ ఇస్తూ ‘ముందు స్పీడ్ బ్రేకర్ ఉంది, ఎడమ పక్క కుక్కలున్నాయి చూసుకో’ అని ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలగాలి. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటుంటే వేగం ఎక్కువైనట్టే, రెండో అంచెలో ఆ మనిషికి కిలోమీటరుకు పది సెకన్లు తగ్గించమని అక్కడే చెప్పేయండి.

ప్రతి అంచెలోనూ మొదటి కిలోమీటరు పదిహేను సెకన్లు నెమ్మదిగా. నిద్ర లేచి పరిగెత్తే మూడో అంచెకు ఇది మరీ ముఖ్యం. నాలుగో అంచె చివరి రెండు కిలోమీటర్లు మీ ఇష్టం, దాచుకోవడానికి ఇంకేం లేదు.

దారి ఎవరికి ఎలా పడుతుంది

కర్నూలు నుంచి వెల్దుర్తి మీదుగా డోన్ దాకా రోడ్డు కొంచెం కొంచెంగా ఎక్కుతూనే పోతుంది. డోన్ దాటి ప్యాపిలి వైపు ఆ ఎక్కుడు ఇంకా తెలుస్తుంది. ప్యాపిలి తర్వాత గుత్తి వైపు దిగుడు. గుత్తి నుంచి పామిడి దగ్గర పెన్న దాటి అనంతపురం దాకా పెద్ద ఎత్తుపల్లాలు లేవు.

మన జంట వరుసలో మొదటి బండి 4 నుంచి ఏడున్నర దాకా వెల్దుర్తి దాటించి అమకతాడు టోల్ గేటు చుట్టుపక్కల ఇస్తుంది. రెండో బండి ఏడున్నర నుంచి 11 దాకా డోన్ మీదుగా ప్యాపిలి దగ్గరికి. మళ్లీ మొదటి బండి 11 నుంచి రెండున్నర దాకా ప్యాపిలి, గుత్తి దాటించి కాసేపల్లి టోల్ గేటు ప్రాంతానికి. రెండో బండి ఆఖరి వంతు పామిడి మీదుగా అనంతపురం. కాగితం మీద ఆరు గంటలకు చేరాలి. చీకటి, బ్యాటన్ మార్పులు, మరుగుకు ఆగడాలు కలిపి అరగంట వేసుకుంటే ఆరున్నర.

ఈ అమరికలో ఒక మంచి సంగతి ఉంది. ఎక్కుడు ఊపిరిని తినేస్తుంది, కానీ కండరాన్ని అంతగా దెబ్బతీయదు. కూర్చుంటే ఊపిరి తిరిగొస్తుంది. దిగుడు అలా కాదు. అడుగడుగునా తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. అప్పుడు హాయిగానే ఉంటుంది, రెండు మూడు గంటల తర్వాత మెట్లు దిగాలంటే తెలుస్తుంది. పూర్తి నొప్పి మర్నాడు, ఆ మర్నాడు వస్తుంది. కాబట్టి దిగుడు పడ్డవాళ్లకు ఆ తర్వాత పెద్ద విరామం, మళ్లీ పరుగు ఉండకూడదు. మన ప్లాన్‌లో ఎక్కుడు రెండో బండికి మొదటి వంతులో, దిగుడు మొదటి బండికి ఆఖరి వంతులో పడింది. రెండున్నరకు వాళ్ల పని అయిపోతుంది, తర్వాత తొడలు పట్టేసినా జట్టుకు నష్టం లేదు. మీ జట్టులో ఇది తిరగబడితే, అంటే దిగుడు మొదటి వంతులో వస్తే, బండ్ల వరుస మార్చండి. హకోనెలో ఐదో అంచె కొండెక్కడం, ఆరోది దిగడం, రెంటికీ ప్రత్యేకంగా మనుషుల్ని తయారు చేస్తారు. మనకు అంత లేదు కాబట్టి వరుసతోనే సర్దుకోవాలి.

ఎక్కుడులో గడియారం చూడొద్దు. డిగ్రీ కుర్రాడు 5:04 నిలపాలని ప్యాపిలి ఎక్కుడులో పంతం పడితే అది 10 కిలోమీటర్ల రేసు కంటే గట్టి కష్టం అవుతుంది. ఊపిరి చదునుమీద ఎలా ఉందో అలాగే ఉంచి, కిలోమీటరుకు ఇరవై ముప్పై సెకన్లు పోతే పోనివ్వాలి. దిగుడులో మొదటి బండివాళ్లు ఆ సమయం తెచ్చుకుంటారు.

బ్యాటన్ మార్చే చోటు పట్టికలో ఉన్న 7.6 దగ్గరే ఉండాలని లేదు. అర కిలోమీటరు అటూ ఇటూ జరిపి పెట్రోలు బంకు, టోల్ గేటు, ఊరి బస్టాపు లాంటి వెలుతురున్న చోట పెట్టండి. వారం ముందు పగలొకసారి, రాత్రొకసారి బండిలో వెళ్లి చూసి రండి. పగలు బాగా కనిపించిన చోటు రాత్రి వరుసగా ఆగిన లారీల మధ్య మాయమైపోతుంది.

హైవే కాబట్టి పోలీసులకు ముందే చెప్పి అనుమతి తీసుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు. సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే పరుగు. మెరిసే జాకెట్, తలకు లైటు, వీపు వెనక ఎర్ర బ్లింకర్. పరిగెత్తేవాడి వెనకాలే బండిని గంటకు పది కిలోమీటర్ల వేగంతో నడిపించడం చాలామందికి ధైర్యంగా అనిపిస్తుంది, నాకు మాత్రం అదే భయం. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరు అంత నెమ్మదైన బండిని అక్కడ ఊహించడు. బండి రెండు కిలోమీటర్లు ముందుకెళ్లి రోడ్డు దిగి ఆగి ఉండటమే మంచిది. మంచు దట్టంగా పడితే పరుగు ఆపేసి ఆ ముక్క బండిలో దాటండి, రికార్డు ఏమీ పోదు. హైవే హెల్ప్‌లైన్ 1033, అంబులెన్స్ 108 రెండూ డ్యాష్‌బోర్డు మీద రాసి అంటించండి.

ఇంకొకటి, రెండు బండ్లకూ పరిగెత్తని డ్రైవర్లు కావాలి. అర్ధరాత్రి రెండింటికి అంచె ముగించి స్టీరింగ్ పట్టుకునే ప్లాన్ ఏదైనా సరే, అది ప్లాన్ కాదు.

చిన్న విరామం, పెద్ద విరామం

డెబ్బై నిమిషాల విరామాన్నీ మూడున్నర గంటల విరామాన్నీ ఒకేలా గడిపితే జంట వరుస లాభమంతా పోతుంది.

చిన్న విరామంలో పరుగు ఆపగానే బండెక్కకండి. ఐదారు నిమిషాలు నడవండి. తడి బనియను విప్పేసి పొడిది వేసుకుని పైన స్వెటర్. జనవరి రాత్రి గాలికి చెమట ఆరుతుంటే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది, వణికిన కండరం బిగుసుకుంటుంది. తర్వాత ఒక అరటిపండు, ఒక గ్లాసు ఓఆర్ఎస్. అంతే. ఈ విరామంలో అన్నం గానీ, టిఫిన్ గానీ వద్దు, గంటలో మళ్లీ పరిగెత్తేటప్పుడు అది కడుపులోనే ఉంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లకు ఒకటి, అందులో ఉండేది 20.5 గ్రాములు. గ్లాసుడు నీళ్లలో మొత్తం పోసేసి తాగితే వికారం, విరేచనాలు పట్టుకుంటాయి. సీసా మీద లీటరు గీత పెట్టుకుని ముందే కలిపి ఉంచండి.

పెద్ద విరామంలో అన్నం తినాలి, అదీ పరుగు ముగిసిన అరగంటలోపు. కండరాల్లో ఖర్చయిన పిండిపదార్థం త్వరగా నిండాలంటే కిలో బరువుకు గ్రాము చొప్పున తినాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాములు, అంటే ఒక మోస్తరు గిన్నెడు పెరుగన్నం, ఒక అరటిపండు. ఉగ్గాని కూడా బాగా సరిపోతుంది, బొరుగులు తేలిక, తొందరగా అరుగుతాయి. పక్కన బజ్జీలు మాత్రం ఇంటికెళ్లాక. నూనె కడుపులో గంటల తరబడి కూర్చుంటుంది. చెనక్కాయల ఉండలకూ ఇదే మాట. సంగటి ఎంత ఇష్టమైనా ఆ రాత్రికి బరువే.

డోన్‌లో మొదటి బండి పని ఇలా ఉంటుంది. ఏడున్నరకు బ్యాటన్ ఇచ్చారు, ఎనిమిదింపావుకల్లా డోన్ గదిలో ఉన్నారు. పెరుగన్నం డబ్బాలు ఇంటినుంచే తెచ్చుకున్నారు, హోటల్లో ఆర్డరిచ్చి ఎదురుచూస్తే అరగంట నిద్ర పోతుంది. తొమ్మిదికి ముందే లైటు తీసేయాలి. కాళ్ల కింద రెండు దిండ్లు. ఫోన్లన్నీ డ్రైవరు దగ్గర, లేపే పని ఆయనదే. పదింపావుకు లేపుతాడు. అప్పుడు టీ. నిద్ర లేచిన అరగంట దాకా మత్తు వదలదు, అందుకే పరుగుకు కనీసం నలభై నిమిషాల ముందు లేవాలి. పదీ ఇరవైకల్లా బండి కదిలితే ప్యాపిలి దగ్గరికి చేరి, పీఈటీ సార్ పది నిమిషాలు నడిచి, నెమ్మదిగా నాలుగైదు నిమిషాలు ఉరికి సిద్ధంగా ఉంటారు.

టీ సంగతి రెండో బండివాళ్లు ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి చిన్న విరామంలో ‘నిద్ర రాకుండా ఒక చాయ్’ అని తాగితే పదకొండున్నరకు గుత్తిలో పడుకున్నప్పుడు కళ్లు మూసుకుని ఉంటారంతే. వాళ్ల టీ రెండింటికి, లేచాక.

ఎవరైనా దెబ్బతింటున్నారని ఎలా తెలుస్తుంది

మొదటి రెండు అంచెల సగటు వేగం రాసుకోండి. మూడో అంచెలో, దారి దాదాపు ఒకేలా ఉన్న చోట, కిలోమీటరుకు ఐదారు శాతం దాకా తగ్గితే మామూలే, క్లర్కుకు అది ఇరవై సెకన్లు. అంతకు మించి తగ్గితే నాలుగో అంచె తగ్గించాలి. వాచీలో గుండె వేగం కనిపిస్తే ఇంకా ముందే తెలుస్తుంది. పాత వేగానికే గుండె నిమిషానికి పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటున్నట్టు చూపిస్తుంటే నీళ్లో, నిద్రో, తిండో తక్కువైనట్టు. మూత్రం ముదురు రంగులో ఉండటం, పెట్టింది తినలేకపోవడం, ఒక కాలు ఈడుస్తున్నట్టు నడవడం బండిలోనే గమనించాలి. ‘ఏం కాలేదన్నా, పరిగెత్తుతా’ అనే మాట నమ్మొద్దు, నడక చూడండి.

దానికి ముందే ఒక ఏర్పాటు రాసి పెట్టుకోండి, రాత్రి ఒంటిగంటకు చర్చ పెట్టుకుంటే ఎవరికీ బుర్ర పనిచేయదు. మొదటి బండిలో పీఈటీ సార్ మూడో అంచె తర్వాత ఆగిపోయారనుకోండి. ఆయన మిగతా 7.6 కిలోమీటర్లు క్లర్కు, మెడికల్ షాపన్న పంచుకోవాలి. వాళ్ల చివరి అంచెలతో కలిపి ఇద్దరికీ దాదాపు 19 కిలోమీటర్లు. దాన్ని పాత పొడవులతో చేస్తే విరామం సగానికి పడిపోతుంది, కూలిపోతారు. అప్పుడే రెండు కిలోమీటర్ల పద్ధతి పనికొస్తుంది: క్లర్కు రెండున్నర, షాపన్న రెండు, మళ్లీ క్లర్కు, ఇలా కాసేపల్లి దాకా. ఇద్దరూ తమ వేగానికి కిలోమీటరుకు ఇరవై సెకన్లు కలుపుకోవాలి. రెండో బండివాళ్లను మాత్రం నిద్ర లేపకండి. వాళ్లను లేపితే ఆఖరి 37 కిలోమీటర్లు కూడా పాడవుతాయి.

ఒకే బండి ఉన్న జట్టుకు ఈ జంట వరుస కుదరదు. అలాంటప్పుడు నేనైతే 18కి కూడా పోను, 12 అంచెలు వేస్తాను. ఒక్కొక్కరు రెండుసార్లు, డెబ్బై నిమిషాల చొప్పున. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని వెనక సీట్ల మీద పరుపు వేస్తే, పరిగెత్తేవాడికి బండి పదే పదే ఆగకుండా మూడు నాలుగు కిలోమీటర్లకోసారి నీళ్లిచ్చేలా నడిపించొచ్చు. మధ్యలో ప్రతి మనిషికీ ఐదు గంటల ముప్పావు పైగా విరామం, అందులో ముక్కలు ముక్కలుగానైనా రెండు మూడు గంటల కునుకు. తర్వాతి వంతు ఉన్న మనిషి ముందు సీట్లో, ఇప్పుడే దిగినవాళ్లు రెండో వరుసలో, నిద్రపోయేవాళ్లు వెనక. లేపాల్సింది తర్వాతి ఒక్కరినే, అదీ భుజం తట్టి, లైటు వేయకుండా.